ఒక్క శాతానికే చేతులెత్తేసే రెగ్యులేటర్

1978 ఆగస్టులో అమెరికా నుంచి వెలువడే ఆటోమేటిక్ కంట్రోల్ పరిశోధన పత్రికలో రెండు పేజీల చిన్న వ్యాసం ఒకటి అచ్చయింది. రాసింది జాన్ డాయిల్. అప్పటికి ఆయన మినియాపొలిస్‌లోని హనీవెల్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న యువకుడు. వ్యాసం పేరు చూస్తే ఎల్‌క్యూజీ రెగ్యులేటర్లకు ఏయే మార్జిన్లు హామీగా దొరుకుతాయో చెప్పబోతున్నట్టే ఉంటుంది. పరిశోధన వ్యాసాల నెత్తిన సారాంశం అని ఒక పేరా రాయడం ఆనవాయితీ. అక్కడ డాయిల్ మూడే మూడు ఇంగ్లీషు మాటలు రాసి వదిలేశాడు. వాటి భావం: అలాంటివేమీ లేవు.

ఆ మూడు మాటలు అంత గట్టిగా ఎందుకు తగిలాయో తెలియాలంటే ముందు మార్జిన్ అంటే ఏమిటో చూడాలి.

అరచేతిలో కర్రను నిలబెట్టే పిల్లవాణ్ణి గమనించండి. కర్ర ఎటు వాలితే చెయ్యి అటు జరుపుతాడు. ఎంత వాలితే ఎంత జరపాలన్న నిష్పత్తి ఒకటి వాడి చేతికి అలవాటై ఉంటుంది. కంట్రోల్ ఇంజనీర్లు దాన్నే గెయిన్ అంటారు. గెయిన్ తగ్గితే కర్ర పడిపోతుంది. మరీ పెరిగితే చెయ్యి అటూ ఇటూ అతిగా కొట్టుకుని మళ్లీ పడిపోతుంది. మధ్యలో కర్ర నిలిచే మేర కొంత ఉంటుంది. అనుకున్న గెయిన్ నుంచి ఎన్ని రెట్లు పెరిగినా, ఎన్నో వంతుకు తగ్గినా వ్యవస్థ నిలుస్తుందో చెప్పే ఆ మేరే గెయిన్ మార్జిన్. ఇలాగే, స్పందన ఎంత ఆలస్యమైతే కొంప మునుగుతుందో చెప్పేది ఫేజ్ మార్జిన్. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఈ రెండూ మూడో ఏడాది పరీక్షల్లోనే తగిలి ఉంటాయి.

మార్జిన్ అవసరమేమిటంటే, కాగితం మీది లెక్కా బయటి యంత్రమూ ఒకటి కావు. పది యూనిట్ల బలం ఇస్తుందని డేటా షీట్‌లో రాసిన మోటారు ఎండాకాలం తొమ్మిదిన్నరే ఇవ్వవచ్చు, కొత్తలో పదింపావు ఇవ్వవచ్చు. విమానం రెక్క మీది ఫ్లాప్ నేల దగ్గర ఒకలా, ముప్ఫై వేల అడుగుల ఎత్తున ఇంకోలా పనిచేస్తుంది. డిజైన్ చేసే మనిషి వీటన్నిటినీ ముందుగా కొలవలేడు. అందుకే కొంత జాగా వదిలిపెడతాడు.

1960ల మొదట్లో రుడాల్ఫ్ కల్మాన్ చేతిలో ఒక కొత్త పద్ధతి రూపు దిద్దుకుంది. ఇంజనీరు గెయిన్‌ను చేత్తో సరిచూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. వ్యవస్థ దారి తప్పినందుకు ఎంత జరిమానా, నియంత్రణకు ఖర్చు పెట్టే శక్తికి ఎంత జరిమానా అన్నది చెబితే చాలు. మొత్తం జరిమానాను అన్నిటికన్నా తగ్గించే గెయిన్‌ను గణితమే ఇస్తుంది. దీని పేరు లీనియర్ క్వాడ్రాటిక్ రెగ్యులేటర్, పొట్టిగా ఎల్‌క్యూఆర్. 1964లో కల్మానే ఇంకో సంగతి చూపించాడు. ఇలా వచ్చిన రెగ్యులేటర్‌కు అడగకుండానే ఒక బలం ఉంటుంది. ఆ ఫలితాన్నే తర్వాతివాళ్లు మార్జిన్ల భాషలోకి తెచ్చారు: గెయిన్ సగానికి పడిపోయినా, ఎన్ని రెట్లు పెరిగినా వ్యవస్థ నిలుస్తుంది, ఫేజ్ మార్జిన్ 60 డిగ్రీలకు తగ్గదు. జరిమానాలు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి, ఈ హామీ మాత్రం చెదరదు. అనుభవజ్ఞులు చెమటోడ్చి సాధించే మార్జిన్ల కన్నా ఇవి మిన్న.

ఇందులో ఒక మెలిక ఉంది. వ్యవస్థ స్థితి మొత్తం, అంటే లోపల మారుతున్న ప్రతి రాశీ, ప్రతి క్షణం కచ్చితంగా తెలిస్తేనే ఎల్‌క్యూఆర్ నడుస్తుంది. నిజ జీవితంలో అన్నిటికీ సెన్సార్లు ఉండవు, ఉన్నవాటిలో నాయిస్ ఉంటుంది. దానికీ కల్మాన్ దగ్గరే మందు ఉంది: 1960, 61 సంవత్సరాల్లో వచ్చిన కల్మాన్ ఫిల్టర్. అది యంత్రపు నమూనాను తన లోపల నడుపుతూ ఉంటుంది. సెన్సార్ రీడింగ్ తన అంచనాకు ఎంత దూరంగా ఉందో చూసి, ఆ మేరకు అంచనాను దిద్దుకుంటుంది. అపోలో నౌకలకు చంద్రుడి దారి చూపిన లెక్కల్లో ఉన్నది ఇదే. బయటినుంచి వచ్చే కుదుపులు ఎలాంటివి, సెన్సార్ నాయిస్ ఎంత అన్నది నిజాయితీగా చెబితే, ఆ సమాచారంతో వేయగలిగిన అంచనాల్లో ఉత్తమమైనది అది ఇస్తుంది.

ఉత్తమ అంచనాను తీసుకుని ఉత్తమ రెగ్యులేటర్‌కు తగిలిస్తే తయారయ్యేదే ఎల్‌క్యూజీ. చివరి అక్షరం గాసియన్‌ది. నాయిస్ ఆ రకందని అనుకోవడం వల్ల వచ్చింది. ఈ రెండింటినీ విడివిడిగా డిజైన్ చేసి కలిపినా మొత్తం మీద అదే ఉత్తమం అవుతుందని సెపరేషన్ సూత్రం రుజువు చేసింది. 1971 డిసెంబరులో అదే పరిశోధన పత్రిక ఎల్‌క్యూజీ కోసం ఏకంగా ఒక ప్రత్యేక సంచికే వేసింది. రెగ్యులేటర్‌కు అంత బలం ఉంది, ఫిల్టర్ కూడా తన పనిలో ఆరితేరినదే, కాబట్టి రెండూ కలిసిన దానికీ ఎంతో కొంత హామీ ఉండకపోతుందా అని చాలామంది అనుకున్నారు. 1977లో మైకేల్ సఫొనోవ్, మైకేల్ అథాన్స్ కలిసి ఎల్‌క్యూఆర్ హామీని అనేక ఇన్‌పుట్లున్న వ్యవస్థలకు కూడా విస్తరించారు. ఆశ ఇంకొంచెం పెరిగింది. మరుసటి ఏడే డాయిల్ వ్యాసం వచ్చింది.

డాయిల్ చేసినదల్లా ఒక ఉదాహరణ చూపించడమే. అది ఏ యంత్రమూ కాదు. వాదన కోసం కట్టిన బొమ్మ. కానీ పెన్నూ కాగితంతో పూర్తి చేయగలిగినంత చిన్నది కాబట్టి దాన్ని దగ్గరగా చూడటం మంచిది. అందులో రెండు రాశులున్నాయి, x1, x2. రెండూ వదిలేస్తే వాటంతట అవే పెరిగిపోయేవే.

x1′ = x1 + x2 + w
x2′ = x2 + m·u + w
y = x1 + v

ఇందులో u మనం ఇచ్చే ఆజ్ఞ. అది రెండో రాశిని మాత్రమే తాకుతుంది. రెండోది మొదటిదాన్ని తోస్తుంది. సెన్సార్ y మొదటిదాన్ని మాత్రమే చూస్తుంది, అదీ v అనే నాయిస్‌తో కలిపి. w అనేది బయటి కుదుపు. రెండు రాశులకూ ఒకేసారి, ఒకే పరిమాణంలో తగులుతుంది. ఇక m యాక్చుయేటర్ నిజాయితీ. డిజైన్ చేసేవాడు దాన్ని 1 అనుకుంటాడు. నిజంలో అది 0.95 కావచ్చు, 1.05 కావచ్చు.

జరిమానా తీవ్రతనూ కుదుపు తీవ్రతనూ డాయిల్ అక్షరాలుగానే వదిలేశాడు. లెక్క గుండ్రంగా రావడానికి ఇక్కడ రెండింటికీ 60 పెట్టుకుందాం. అప్పుడు రెగ్యులేటర్ గెయిన్లు రెండూ 10, ఫిల్టర్ గెయిన్లు కూడా రెండూ 10 వస్తాయి.

ముందు ఫిల్టర్ లేకుండా, రెండు రాశులూ కంటికి కనిపిస్తున్నాయనుకుని చూద్దాం. లూప్ ప్రవర్తన అంతా ఈ ఒక్క బహుపదిలోకి కుదురుతుంది: s² + (10m − 2)s + 1. ఇలాంటి బహుపదిలో ఏ గుణకం రుణసంఖ్య అయినా వ్యవస్థ అదుపు తప్పినట్టే. ఇక్కడ m విలువ 0.2 కన్నా ఎక్కువుంటే చాలు, పైన హద్దే లేదు. యాక్చుయేటర్ ఐదో వంతుకు నీరసించినా, యాభై రెట్లు రెచ్చిపోయినా ఫరవాలేదు. హామీ ఇచ్చిన సగం కన్నా ఇదింకా నయం.

ఇప్పుడు x1 మాత్రమే చూసే సెన్సార్‌నూ, దాని వెనక కల్మాన్ ఫిల్టర్‌నూ పెడదాం. బహుపది ఇలా మారుతుంది:

s⁴ + 16s³ + 66s² + (200m − 184)s + (101 − 100m)

చివరి పదం మీద కన్ను వేయండి. m కచ్చితంగా 1 అయితే అది 1, అంతా సవ్యం. m విలువ 1.01 దాటిందంటే అది సున్నా కిందికి పోతుంది. ఒక్క శాతం! కింది వైపు కూడా లెక్క పూర్తిగా చేస్తే హద్దు సుమారు 0.93 దగ్గర తేలుతుంది. ఐదో వంతు నుంచి అనంతం దాకా పరిచి ఉన్న నేల కాస్తా 0.93కూ 1.01కీ మధ్య సన్నని గట్టుగా మిగిలింది. ఒక్క శాతం కచ్చితత్వంతో పనిచేసే యాక్చుయేటర్ కావాలంటే ఏ కంపెనీ అయినా ధర చెప్పే ముందు ఓసారి ఎగాదిగా చూస్తుంది.

60 పెట్టడం వల్ల ఇలా అయిందేమో అన్న అనుమానం రావచ్చు. ఆ రెండు తీవ్రతలనూ సున్నాకు దించినా పైవైపు మార్జిన్ ఆరుంపావు శాతమే. పదివేల దగ్గరకు పెంచితే శాతంలో నూరోవంతు. ఇంకా పెంచుకుంటూ పోతే అది సున్నా వైపు జారుతూనే ఉంటుంది. ఏ సంఖ్య చెప్పినా అంతకన్నా తక్కువ మార్జిన్ ఉన్న ఎల్‌క్యూజీని చూపించవచ్చు కాబట్టి హామీ అనే మాటకు చోటు లేదు. మూడు మాటల సారాంశానికి అర్థం అదీ. ఎల్‌క్యూజీలన్నీ పెళుసువని డాయిల్ అనలేదు. చాలావాటికి మంచి మార్జిన్లే ఉంటాయి. ఉన్నాయో లేవో ప్రతిసారీ విడిగా చూసుకోవాల్సిందే, ఉత్తమం అన్న ముద్ర ఆ పని చేసిపెట్టదు.

మార్జిన్ దాటితే కనిపించే తీరు కూడా గమనించదగ్గది. m విలువ 1.02 అనుకుంటే ఈ వ్యవస్థ దడదడలాడదు. అంచనా, ఆజ్ఞ, రీడింగ్ అన్నీ కలిసి నెమ్మదిగా ఒకే వైపు జారిపోతాయి. కాలాన్ని సెకన్లలో లెక్కిస్తే తేడా సుమారు పదహారు సెకన్లకోసారి రెట్టింపవుతుంది. పది సెకన్ల సిమ్యులేషన్ చేసి గ్రాఫు చూసి తృప్తి పడే ఇంజనీరు కంట ఇది పడకపోయినా పడకపోవచ్చు. 0.92 వైపు అయితే సుమారు పదిహేడు సెకన్ల ఆవర్తనంతో ఊగుతూ ఆ ఊపు నెమ్మదిగా పెరుగుతుంది.

ఇంత బలమున్న రెండింటిని కలిపితే ఇంత బలహీనత ఎక్కడి నుంచి వచ్చింది? సెపరేషన్ సూత్రం తప్పు కాదు. అయితే దానికి ఒక షరతు ఉంది: ఫిల్టర్ లోపలి నమూనా, బయటి యంత్రం అచ్చంగా ఒకటే అయి ఉండాలి. అప్పుడు ఫిల్టర్ చేసే పొరపాటు దానంతట అది చల్లారిపోతుంది, మనం ఏ ఆజ్ఞ ఇస్తున్నామన్న దానితో దానికి సంబంధం ఉండదు. m విలువ 1 కాకపోతే ఆ తెర చిరుగుతుంది. మనం u అని ఆజ్ఞ ఇచ్చాం, ఫిల్టర్ తన నమూనాకు అదే u అందించింది, యంత్రానికి మాత్రం m·u అందింది. మిగిలిన (m − 1)·u ప్రతి క్షణం అంచనాలో పొరపాటుగా చేరుతుంది. ఆ పొరపాటు నుంచే తర్వాతి ఆజ్ఞ పుడుతుంది. అలా ఎవరూ ఊహించని కొత్త లూప్ ఒకటి ఏర్పడింది.

ఫిల్టర్ ఆ పొరపాటును పసిగట్టి దిద్దుకోవచ్చు కదా అంటే, దానికి మనం చెప్పిన మాటలే అడ్డం. కుదుపు w రెండు రాశులకూ సమానంగా తగులుతుందని చెప్పాం. అది నిలకడగా ఒకే విలువలో ఉందనుకుని సమీకరణాలు చూడండి: x2 విలువ −w దగ్గర సర్దుకుంటే x1 సున్నా అవుతుంది. సెన్సార్ చూసేది x1నే. అంటే నెమ్మదైన, నిలకడైన కుదుపు సెన్సార్‌లో అసలు కనిపించదని ఫిల్టర్‌కు మనమే నూరిపోశాం. కాబట్టి రీడింగ్‌లో నెమ్మదిగా ఏదైనా జారుడు కనిపిస్తే, దాన్ని బయటి కుదుపు కింద లెక్కగట్టడానికి ఫిల్టర్‌కు కారణమే లేదు. w తీవ్రతను 60 నుంచి పదివేలకు పెంచినా ఆ మందగతి మార్పుల విషయంలో దాని అభిప్రాయం మారదు. యాక్చుయేటర్ తప్పు వచ్చేది x2 ఒక్కదాని మీదికే. అది నిలకడగా ఉంటే x1లో స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ తోవన కుదుపు వస్తుందని ఫిల్టర్‌కు ఎవరూ చెప్పలేదు. ఇందాకటి జారుడు అంత నెమ్మదిగా ఉండటం కాకతాళీయం కాదు. ఫిల్టర్ గుడ్డిగా ఉన్న చోటే వ్యవస్థ కూలింది.

బహుపదిలోని చివరి పదం ఇదే కథను అంకెల్లో చెబుతుంది. 101 లోంచి 100 తీసేస్తే మిగిలేది 1. ఆ 100 వచ్చింది రెగ్యులేటర్ గెయిన్ పదిని ఫిల్టర్ గెయిన్ పదితో గుణిస్తే. రెండు పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి లాక్కుంటుంటే మధ్యలో నిలిచిన ఒకటి మీదే వ్యవస్థ మొత్తం ఆధారపడి ఉంది. గెయిన్లు పెంచేకొద్దీ వందలు వేలవుతాయి, మిగిలేది మాత్రం ఎప్పటికీ ఒకటే.

జబ్బు ఎక్కడుందో తెలిశాక డాయిల్ ఊరుకోలేదు. హనీవెల్‌లో సహోద్యోగి గుంటర్ స్టైన్‌తో కలిసి 1979 ఆగస్టులో, అదే పత్రికలో, చికిత్స కూడా ప్రకటించాడు. ఉపాయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది: ఫిల్టర్‌కు అబద్ధం చెప్పాలి. నిజంగా ఉన్న కుదుపుతో పాటు, యాక్చుయేటర్ దారిన ఇంకో కుదుపు వస్తోందని కల్పించి చెప్పాలి. లేని నాయిస్‌ను ఉందని నమ్మిస్తే, ఆ తోవన వచ్చే ఏ తేడానైనా ఫిల్టర్ అనుమానంగా చూడటం మొదలుపెడుతుంది. తన నమూనా మీద నమ్మకం తగ్గించుకుని సెన్సార్ మాట ఎక్కువ వింటుంది. కల్పిత నాయిస్‌ను పెంచుకుంటూ పోతే, లూప్ మెల్లమెల్లగా ఫిల్టర్ లేని ఎల్‌క్యూఆర్ లూప్ లాగే ప్రవర్తిస్తుంది. పోగొట్టుకున్న ఆ లూప్ రూపాన్ని తిరిగి రాబట్టుకోవడం కాబట్టి ఈ పద్ధతికి లూప్ ట్రాన్స్‌ఫర్ రికవరీ అనే పేరు స్థిరపడింది. ఎల్‌టీఆర్ అంటారు.

డాయిల్ బొమ్మ మీదే ఈ మందు వేసి చూద్దాం. రెగ్యులేటర్‌ను ముట్టుకోం, దాని గెయిన్లు పదే. అసలు కుదుపు 60 కూడా అలాగే ఉంచుతాం. x2 దారిన మాత్రం పదివేల తీవ్రత గల కల్పిత నాయిస్ ఉందని ఫిల్టర్‌కు చెబుతాం. ఫిల్టర్ గెయిన్లు 10, 10 నుంచి సుమారు 18, 117 అవుతాయి. వ్యవస్థ నిలిచే మేర 0.41 నుంచి 1.55 దాకా విచ్చుకుంటుంది. ఒక్క శాతానికి కూలిన లూప్ ఇప్పుడు యాభై శాతం పెరుగుదలను కూడా తట్టుకుంటోంది.

అబద్ధాన్ని పది లక్షలకు పెంచితే? గెయిన్లు సుమారు 47, 1046. మేర 0.27 నుంచి 3.1 దాకా. బహుపది చివరి పదం ఇప్పుడు దాదాపు 1474 − 474m. m విలువ ఒకటి దగ్గర ఉన్నప్పుడు మిగిలేది వెయ్యి. ఇందాక మిగిలింది ఒకటి. అది సున్నాకు చేరాలంటే యాక్చుయేటర్ మూడు రెట్లకు పైగా రెచ్చిపోవాలి. కింది హద్దు ఎల్‌క్యూఆర్ వాళ్ల 0.2 వైపు వస్తోంది, పై హద్దు అనంతం దారి పట్టింది. రెండు వైపులా అసలు లూప్‌కు దగ్గరవడం కళ్ల ముందే జరుగుతోంది.

ఇక ధర సంగతి. సెన్సార్ మాట ఎక్కువ వినడమంటే సెన్సార్ నాయిస్‌ను కూడా ఎక్కువ వినడమే. కంట్రోలర్ వేగంగా మారే సంకేతాలను ఎంత తీవ్రతతో యాక్చుయేటర్‌కు దాటిస్తుందన్నది మన బొమ్మలో ఒక్క సంఖ్యతో చెప్పవచ్చు. అబద్ధం లేనప్పుడు ఆ సంఖ్య 200. పదివేల దగ్గర సుమారు 1,354. పది లక్షల దగ్గర 10,938. అంటే మూడు రెట్ల మార్జిన్ కోసం సెన్సార్ సొదను యాక్చుయేటర్ మీదికి యాభై అయిదు రెట్లు వదిలాం. నిజమైన యంత్రంలో దీని అర్థం వాల్వులు అనవసరంగా తడబడటం, మోటార్లు వేడెక్కడం, గేర్లు అరగడం. పైగా విమానం రెక్కకో ఉపగ్రహపు సోలార్ పలకకో సన్నని ప్రకంపనలు కొన్ని ఉంటాయి, నమూనాలో వాటిని సాధారణంగా వదిలేస్తారు. గెయిన్ ఆ వేగాల దాకా పాకితే అవి మేలుకుంటాయి. ఒక రకం తప్పుకు మార్జిన్ కొనుక్కుంటూ ఇంకో రకం తప్పుకు తలుపు తీసినట్టవుతుంది. పైగా ఫిల్టర్ ఇక ఉత్తమమూ కాదు, దానికి చెప్పింది నిజం కాదు గనక.

అందుకే కల్పిత నాయిస్‌ను చివరిదాకా పెంచాలని ఎవరూ అనుకోరు. ఆచరణలో ఎల్‌టీఆర్ అనేది ఒక నాబ్. ఒక చివర గణితం మెచ్చిన ఫిల్టర్, ఇంకో చివర మొండి బలమున్న లూప్. మధ్యలో ఎక్కడ ఆపాలన్నది ఇంజనీరు నిర్ణయం. నిజం చెప్పాలంటే పద్ధతి విలువంతా అక్కడే ఉంది. అంతకు ముందు ఎల్‌క్యూజీలో నాయిస్ తీవ్రతలంటే కొలిచి రాయాల్సిన వాస్తవాలు. వాటిని డిజైన్ చేసే మనిషి తన అవసరానికి తిప్పుకునే నాబ్‌లుగా చూడటం డాయిల్, స్టైన్ తెచ్చిన మార్పు. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం కూడా ఉంది. మార్జిన్ యాక్చుయేటర్ దగ్గర కాక సెన్సార్ దగ్గర కావాలంటే ఫిల్టర్‌ను ముందు బాగా డిజైన్ చేసి, రెగ్యులేటర్‌కు శక్తి మీది జరిమానాను తగ్గిస్తూ పోవాలి. ఈ రెండో దారి ఛాయలు 1969లోనే డచ్ శాస్త్రవేత్త హుబర్ట్ క్వాకర్‌నాక్ రచనలో కనిపిస్తాయి.

అన్ని యంత్రాలకూ ఈ మందు పనిచేయదు. కొన్ని ముందు వెనక్కి వెళ్లి తర్వాత ముందుకు కదులుతాయి. ప్రయాణికుల విమానం పైకి లేవాలని పైలట్ కంట్రోల్‌ను వెనక్కి లాగితే తోక మీది ఎలివేటర్ పైకి తిరుగుతుంది, తోకను కిందికి నొక్కుతుంది. ఆ క్షణంలో మొత్తం లిఫ్ట్ కాస్త తగ్గి విమానం రవ్వంత కిందికి దిగుతుంది. ముక్కు పైకి లేచాకే ఎత్తు పెరగడం మొదలవుతుంది. ఆజ్ఞకూ ఫలితానికీ మధ్య ఆలస్యం ఉన్న వ్యవస్థలదీ ఇంచుమించు ఇదే బాపతు.

ఎల్‌టీఆర్‌కు ఇక్కడ చుక్కెదురవడానికి కారణం లోతైనదే. కల్పిత నాయిస్ పెరిగేకొద్దీ కంట్రోలర్ నిజానికి యంత్రాన్ని తిరగేసి చదవడానికి ప్రయత్నిస్తుంది: ఈ రీడింగ్ రావాలంటే యాక్చుయేటర్ దగ్గర ఏం జరిగి ఉండాలి అని. మామూలు యంత్రాల్లో అలా తిరగేయడం సాధ్యమే. ముందు వెనక్కి వెళ్లే యంత్రాన్ని తిరగేస్తే వచ్చేది అదుపు లేని లెక్క. కల్మాన్ ఫిల్టర్ అలాంటి ఊబిలోకి దిగదు. పక్కనే ఉన్న సురక్షితమైన లెక్కతో సరిపెట్టుకుంటుంది. దాంతో నాబ్‌ను ఎంత తిప్పినా లూప్ ఎల్‌క్యూఆర్ దాకా చేరదు, మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. వెనక్కి వెళ్లే ఆ ధోరణి లూప్ పనిచేసే వేగానికి చాలా దూరంగా ఉంటే ఆ లోటు పెద్దగా తెలియదు. దగ్గరగా ఉంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

1980లలో ఈ పద్ధతి ఏరోస్పేస్ రంగంలో బాగా చలామణి అయింది. బ్లాక్ హాక్, అపాచీ హెలికాప్టర్లను నడిపే జనరల్ ఎలక్ట్రిక్ వారి టీ700 ఇంజిన్‌కు ఎల్‌క్యూజీ, ఎల్‌టీఆర్ పద్ధతిలో కంట్రోలర్ రూపొందించి చూపిన పత్రం 1986లో వచ్చింది; ఇందాక పేరు విన్న అథాన్స్ అందులో భాగస్వామి. డాయిల్ మాత్రం అప్పటికే వేరే దారిలో ఉన్నాడు. నమూనాలో తప్పు ఎంతవరకు ఉండవచ్చో మొదటే చెప్పి, దాన్ని లెక్కలోకి తీసుకునే కంట్రోలర్‌నే నేరుగా వెతకాలన్నది ఆ దారి. 1989లో కీత్ గ్లోవర్, ప్రమోద్ ఖర్గోనేకర్, బ్రూస్ ఫ్రాన్సిస్‌లతో కలిసి ఆయన రాసిన పత్రం హెచ్-ఇన్ఫినిటీ పద్ధతిని ఇంజనీర్లందరి చేతికీ అందించింది.

ఎల్‌టీఆర్ కనుమరుగు కాలేదు. మ్యాట్‌ల్యాబ్‌లోని రోబస్ట్ కంట్రోల్ టూల్‌బాక్స్‌లో `ltrsyn` అనే ఆదేశం ఉంది. దానికి కల్పిత నాయిస్ ఎంతన్నది ఒకే సంఖ్యగా కాక, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా ఇవ్వవచ్చు. ఒక్కో విలువకూ లూప్ ఎలా ఉందో చూపే గీతలను అది ఒకే బొమ్మలో గీస్తుంది. అవి ఒకదాని తర్వాత ఒకటి ఎల్‌క్యూఆర్ గీత వైపు జరగడం తెర మీద కనిపిస్తుంది. ఇంజనీరు పక్కనే యాక్చుయేటర్ కొలతలు పెట్టుకుంటాడు. నాయిస్ దాని ఓర్పును దాటే గీతకు ముందున్న గీత దగ్గర ఆగి, ఆ ఫిల్టర్‌నే వాడతాడు.